బ్యాంకు ఖాతా మారింది: కొనేవాళ్లకు ఏ దారిలో చెప్పాలి, ఏది నమ్మమనాలి?

పలాస-కాశీబుగ్గలో రెండు మూడు జీడిపప్పు వ్యాపారాలకు నేను లెక్కలు చూస్తాను. పోయిన ఏడాది వాటిలో ఒకటి తన సీసీ లిమిట్‌ను వేరే బ్యాంకుకు మార్చుకుంది. వడ్డీ కాస్త తగ్గింది, లిమిట్ కాస్త పెరిగింది. బదులుగా కొత్త బ్యాంకు పెట్టిన షరతు ఒక్కటే, వసూళ్లన్నీ తమ ఖాతాలోకే రావాలని. కాగితాలు పూర్తయిన సాయంత్రం యజమాని నాతో అన్నాడు: “లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు టైపు చేసి, పీడీఎఫ్ అందరికీ వాట్సాప్‌లో కొట్టేయ్ బాబూ, అయిపోతాది.”

నేను రెండు రోజులు ఆగమన్నాను. ఆయనకు చిరాకు వేసింది. కానీ నా భయం వేరు. “ఇకనుంచి ఈ నంబరుకు పంపండి” అని మనం ఒక పీడీఎఫ్ పంపడం, అవతలి గుమాస్తా దాన్ని చూసి డబ్బు పంపడం జరిగితే, మనమే అతనికి ఒక అలవాటు నేర్పినట్టు. పది రోజుల తర్వాత ఇంకెవడో అలాంటి పీడీఎఫ్ పంపితే దాన్నీ అలాగే నమ్ముతాడు. అసలు ఉత్తరం ఎంత బాగుంటే దొంగ ఉత్తరానికి అంత మంచి నమూనా దొరుకుతుంది.

ఖాతా మార్పు మాట మన వైపు ఎవరికీ వింతగా తోచదు కూడా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మన జిల్లాల్లో తిరిగే గ్రామీణ వికాస్ బ్యాంకు పేరు కూడా అప్పుడే పోయింది. “బ్యాంకు పేరు మారిందండి, ఐఎఫ్‌ఎస్‌సీ మారిందండి” అని ఎవరైనా చెబితే కొనేవాడు అవునా అని రాసుకుంటాడు తప్ప అనుమానపడడు.

డబ్బు నంబరు చూసి వెళ్తుంది, పేరు చూసి కాదు

ఏ దారి మంచిదో పోల్చే ముందు ఒక్క సంగతి తెలియాలి. నెఫ్ట్‌లో గానీ ఆర్టీజీఎస్‌లో గానీ డబ్బు జమ చేసేటప్పుడు తీసుకునే బ్యాంకు ఖాతా నంబరు చూసే జమ చేస్తుంది. ఫారంలో మన సంస్థ పేరు రాసి, నంబరు ఇంకొకడిది రాస్తే, ఆ ఇంకొకడి ఖాతాలోనే పడుతుంది. ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాళ్లలోనూ చాలామందికి ఇది తెలియదు. “పేరు తప్పైతే బ్యాంకే తిప్పి పంపదా?” అని అడుగుతారు. పంపదు.

ఈ లోటు పూడ్చడానికే రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబరులో బ్యాంకులకు ఒక ఆదేశం ఇచ్చింది. 2025 ఏప్రిల్ 1 కల్లా, నెఫ్ట్, ఆర్టీజీఎస్ పంపేవాడు నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టగానే ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే సదుపాయం పెట్టాలంది. దీనికి ఛార్జీ లేదు. నెట్ బ్యాంకింగ్ లేనివాళ్లు శాఖలో కూడా అడగవచ్చు. ఇది నిజంగా పనికొచ్చే సంగతి, కొనేవాళ్లకు తప్పక చెప్పండి. కానీ దీనికీ ఒక హద్దు ఉంది. మన వ్యాపారం పేరుకు దగ్గరగా ఉండే పేరుతో ఇంకొకడు కరెంట్ ఖాతా తెరిస్తే తెర మీద ఆ పేరే కనిపిస్తుంది. “ట్రేడర్స్” బదులు “ట్రేడింగ్” అని ఉంటే సాయంత్రం ఆరింటికి గోడౌన్ నుంచి వచ్చిన గుమాస్తా కన్ను దాన్ని పట్టుకోదు.

ఇంకో విషయం. డబ్బు మూసేసిన ఖాతాకు వెళ్తే అది తిరిగి వచ్చేస్తుంది. నెఫ్ట్ అయితే బ్యాచ్ పూర్తయిన రెండు గంటల్లోపు, ఆర్టీజీఎస్ అయితే గంటలోపు తిప్పి పంపాలని నియమం. అదే బతికున్న ఇంకొకడి ఖాతాకు వెళ్తే తిరిగి రాదు, వాడు తీసేస్తాడు. కాబట్టి కొనేవాడు పొరపాటున మన పాత నంబరుకు పంపితే మనకు వచ్చేది తలనొప్పి. దొంగ ఇచ్చిన కొత్త నంబరుకు పంపితే పోయేది సరుకు డబ్బు. “అందరూ త్వరగా కొత్త ఖాతాకు మారాలి” అన్న తొందర కంటే “నిర్ధారించుకోకుండా ఎవరూ మారకూడదు” అన్న జాగ్రత్త విలువైనది అందుకే. కింద నేను వేసే తూకమంతా ఈ లెక్క మీదే.

దారుల మధ్య తేడా

మెయిల్‌లో లెటర్‌హెడ్ పీడీఎఫ్ అందరికీ మొదట తోచే దారి. చవక, రికార్డు ఉంటుంది. కానీ రుజువుగా దాని విలువ సున్నా అంటాను. మన లెటర్‌హెడ్, సంతకం, స్టాంపు మూడూ పాత కొటేషన్ ఒక్కటి దొరికితే చాలు, కోసి అతికించుకోవచ్చు. క్యాన్సిల్ చేసిన చెక్కు ఫోటో కూడా అంతే. “చెక్కు చూపించారు కదా” అనుకుంటారు గానీ, ఫోటోలో నాలుగు అంకెలు మార్చడానికి ఫోన్‌లో ఉన్న యాప్ చాలు. పంపినవాడి చిరునామాను కూడా నమ్మలేం. ఓఎన్‌జీసీ అంతటి సంస్థ సౌదీ ఆరాంకోకు అమ్మిన నాఫ్తా సొమ్ము దాదాపు 197 కోట్లు వేరే ఖాతాకు మళ్లిందని 2015లో పత్రికలు రాశాయి. మోసానికి వాడిన మెయిల్‌లో `ongc` ఉండాల్సిన చోట `ognc` ఉందట. ఒకసారి చదివి చూడండి, మొదటి చూపుకు తేడా తెలియదు. మనలో చాలామందివి పేరు పక్కన అంకెలున్న జీమెయిల్ చిరునామాలు. వాటిని పోలినది సృష్టించడం ఇంకా తేలిక.

వాట్సాప్‌ది వేరే గొడవ. కొనేవాడి ఫోన్‌లో మన నంబరు పేరుతో సేవ్ అయి ఉంటుంది కాబట్టి మెయిల్ కంటే కాస్త మేలే. కాకపోతే వాట్సాప్ మెసేజ్ ఒకరి దగ్గర ఆగదు. గుమాస్తా సేటుకు పంపుతాడు, సేటు అకౌంటెంటుకు పంపుతాడు, మధ్యలో బ్రోకరు ఉంటే ఆయనా ఒక చెయ్యి వేస్తాడు. మూడో చేతికి చేరేసరికి అది ఎవరి దగ్గర పుట్టిందో ఎవరికీ తెలియదు. పైగా కొత్త నంబరు నుంచి మన బోర్డు ఫోటో పెట్టుకుని “ఇది మా కొత్త ఆఫీస్ నంబరు” అని వచ్చేవాడూ ఉంటాడు. వార్త చెప్పడానికి వాట్సాప్ సరే. ఖాతా నంబరు పంపడానికి నేను వాడను.

బిల్లు మీద కొత్త ఖాతా అచ్చు వేయడం తప్పనిసరి, అది ఎలాగూ చేయాలి. అక్కడ ఒక అపోహ ఉంది. ఏడాదికి 5 కోట్లు దాటిన టర్నోవరు ఉన్నవాళ్లు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ చేయాలి. ఆ బిల్లు మీద క్యూఆర్ ఉంటుంది. “క్యూఆర్ స్కాన్ చేశాం, సరైన బిల్లే వచ్చింది” అని రాయ్‌పూర్ పార్టీ ఒకాయన ధైర్యంగా చెప్పాడు నాతో. ఆ క్యూఆర్‌లో ఉండేవి అమ్మినవాడి, కొన్నవాడి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, సరుకు కోడ్, ఐఆర్ఎన్ లాంటివి. బ్యాంకు ఖాతా అందులో ఉండదు. నిజమైన బిల్లు పీడీఎఫ్‌లో కింద ఉన్న ఖాతా నంబరు ఒక్కటి మార్చి పంపితే క్యూఆర్ పచ్చగానే వస్తుంది. బిల్లు నిజం, నంబరు దొంగది.

కాగితం మీద, మనిషి చేతికి ఇచ్చే ఉత్తరం బలమైనది. మన దగ్గర నుంచి ఏళ్లుగా వెళ్లే సేల్స్ కుర్రాడు తీసుకెళ్లి యజమాని చేతికి ఇస్తే, మధ్యలో మార్చే అవకాశం చాలా తక్కువ. దూరాల వాళ్లకు స్పీడ్ పోస్ట్ వాడవచ్చు, కాస్త ఆలస్యం అవుతుందంతే. అయినా నా మాట ఏమిటంటే, కాగితం కూడా సగం పనే. స్పీడ్ పోస్ట్ కవరు మీద మన పేరు ఎవడైనా రాయగలడు.

బ్రోకరు విషయంలో మొహమాటం ఉంటుంది. మన సరుకు సగం ఆయన మాట మీదే నడుస్తుంది, ఇద్దరికీ నమ్మకస్తుడు. “నేను చెప్పేస్తాను లెండి” అంటాడు. సంతోషంగా చెప్పమనండి, ఖాతా మారుతోంది అన్న మాట వరకు. నంబరు ఆయన ఫోన్ మీదుగా పోకూడదు. ఆయన మీద అనుమానం ఉందని కాదు. ఆయన ఫోన్ పోయినా, ఆయన ఒక అంకె తప్పు కొట్టినా, రేపు మాట పడేది ఆయనే.

మిగిలింది ఫోన్. ఇందులో ఎవరు ఎవరికి చేశారన్నదే అసలు తేడా. మనం చేసి చెబితే కొనేవాడికి అది ఒక గొంతు, అంతే. పదేళ్ల పరిచయం ఉన్న యజమాని గొంతైతే గుర్తుపడతాడు గానీ, అవతల ఎత్తేది నిన్న మొన్న చేరిన గుమాస్తా. అదే కొనేవాడు తన బీరువాలో ఉన్న పాత బిల్లు తీసి, దాని మీద ఉన్న నంబరుకు తనే ఫోన్ చేస్తే, దొంగ ఆ ఫోన్‌కు అడ్డం రావడం చాలా కష్టం. కాబట్టి మన ఉత్తరంలో “వివరాలకు ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని నంబరు ఇవ్వకూడదు. దొంగ ఉత్తరంలోనూ అదే వాక్యం ఉంటుంది, కింద వాడి నంబరు ఉంటుంది. “మీ దగ్గర ముందునుంచీ ఉన్న మా నంబరుకు” అని మాత్రమే రాయాలి.

పదిహేడు రూపాయల పరీక్ష

కొత్త ఖాతాకు ఒక రూపాయి పంపి చూడటం చాలామంది చేస్తారు. “రూపాయి వెళ్లింది, ఖాతా సరైనదే” అంటారు. రూపాయి వెళ్లిందంటే ఆ నంబరుతో ఒక ఖాతా ఉందని మాత్రమే రుజువైంది. దొంగ ఖాతాకు కూడా రూపాయి వెళ్తుంది, హాయిగా వెళ్తుంది.

మేం దాన్ని కొంచెం తిప్పాం. కొనేవాడు తనకు తోచిన వింత మొత్తం, 17 రూపాయలో 23 రూపాయలో, కొత్త ఖాతాకు ఐఎంపీఎస్‌లో పంపాలి. ఎంత పంపాడో ఎవరికీ చెప్పకూడదు. తర్వాత పాత బిల్లు మీది నంబరుకు ఫోన్ చేసి “ఎంత వచ్చింది?” అని మమ్మల్ని అడగాలి. మేం మా బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి “పదిహేడు” అంటే, అతనికి తెలిసిన ఫోన్ ఎత్తినవాడే ఆ ఖాతా చూడగలుగుతున్నాడని తేలింది. “ఏమీ రాలేదే” అంటే ఆ డబ్బు ఎక్కడికో పోయిందని తేలింది. ఈ పరీక్షలో మన చేతిలో ఏమీ లేదు, అడిగేదీ తేల్చేదీ కొనేవాడే. అందుకే దీన్ని అన్నింటికంటే పైన పెడతాను.

కొందరు పెద్ద పార్టీలు “పదిహేడు రూపాయలకు ఇంత తంతా?” అని నవ్వారు. నవ్వుతూనే చేశారు.

మా 46 మందికి ఏం చేశాం

అందరికీ ఒకే దారి వద్దన్నాను. ముందు పార్టీల పట్టీ తీసి, ఎవరు ఎలా డబ్బు ఇస్తారో పక్కన రాశాం. 46 మందిలో 12 మంది చెక్కులే ఇస్తారు, శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి చుట్టుపక్కల స్వీటు షాపులు. చెక్కు సంస్థ పేరు మీద ఉంటుంది, మేం ఏ బ్యాంకులో వేసుకుంటే వాళ్లకేమిటి? వాళ్లకు అసలు ఏమీ చెప్పనక్కర్లేదు. ఇంకో 9 మంది యూపీఐ, రొక్కం. మా క్యూఆర్ వ్యాపార యాప్‌ది కాబట్టి, యాప్‌లో సెటిల్‌మెంట్ ఖాతా మారిస్తే అదే క్యూఆర్ పనిచేసింది. బ్యాంకు ఇచ్చిన క్యూఆర్ అయితే స్టిక్కర్ మార్చాలి, అది మన మనిషే వెళ్లి పాతది పీకి కొత్తది అంటించాలి. అలా మొదటి గంటలోనే 21 మంది పట్టీ నుంచి పోయారు. కొత్త నంబరు ఎంత తక్కువ మందికి తెలిస్తే అంత మంచిది.

మిగిలిన 25 మంది బ్యాంకు ద్వారా పంపేవాళ్లు. వీళ్లలో 8 మంది దగ్గరే మా వసూళ్లలో ఎక్కువ భాగం, రాయ్‌పూర్, విజయవాడ, బరంపురం వైపు హోల్‌సేల్ వాళ్లు. ఆ 8 మందికి కాగితం మనిషి చేతితో, పరీక్ష తప్పనిసరిగా. మిగతా 17 మందికి స్పీడ్ పోస్ట్, పేరు చూసే సదుపాయం, ఒక ఫోన్. వాళ్ల బిల్లులు చిన్నవి, అందరిచేతా పదిహేడు రూపాయలు పంపించబోతే ఆ పని ఎప్పటికీ తెమలదు.

మెయిల్‌లో మాత్రం అందరికీ వెళ్లింది ఈ నాలుగు ముక్కలే:

“మా బ్యాంకు ఖాతా మారుతోంది. కొత్త నంబరు ఈ మెయిల్‌లో లేదు, ఇకపై ఏ మెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ పంపము. కాగితం మీ చేతికి అందాక, మీ దగ్గర ముందునుంచీ ఉన్న మా నంబరుకు మీరే ఫోన్ చేసి నిర్ధారించుకోండి. అప్పటిదాకా పాత ఖాతాకే పంపండి, ఆలస్యమైనా పర్వాలేదు. ఒకసారి మారిన ఖాతా ఈ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ మారదు.”

చివరి వాక్యం నేను పట్టుబట్టి పెట్టించాను. మొదటి మార్పు నోటీసు వెళ్లిన తర్వాత వచ్చే రెండో నోటీసే ఎక్కువ ప్రమాదం. అప్పటికే మార్పు జరుగుతోందని అందరికీ తెలుసు, చిన్న సవరణ అంటే నమ్మేస్తారు.

సరిగ్గా అదే వచ్చింది. మా మెయిల్ వెళ్లిన తొమ్మిదో రోజు రాయ్‌పూర్ పార్టీకి ఒక మెయిల్ అందింది. మా చిరునామా చివర రెండు సున్నాలు ఉంటాయి. దాంట్లో వాటి స్థానంలో రెండు ఇంగ్లిషు ‘ఓ’ అక్షరాలు. లోపల మా లెటర్‌హెడ్, మా యజమాని సంతకం, గుండ్రటి స్టాంపు. ఆడిట్ వల్ల కొత్త ఖాతా కొన్నాళ్లు ఆపారని, ఈ ఒక్క బిల్లు మాత్రం కింది ఖాతాకు ఈ రోజే పంపమని రాసి ఉంది. బిల్లు వివరం కూడా సరిగ్గా ఉంది: 320 రకం పప్పు, పది కిలోల టిన్నులు 40, కిలో 850 చొప్పున 3,40,000, జీఎస్టీ 5 శాతం 17,000, మొత్తం 3,57,000. మాకూ వాళ్లకూ తప్ప తెలియని లెక్క అది.

వాళ్ల గుమాస్తా యాప్‌లో నంబరు కొట్టి పేరు చూశాడు. మా పేరే, చివర ఒక్క మాట తేడా. ఆయన దృష్టిలో అది పాసైపోయింది. కాకపోతే అంతకు నాలుగు రోజుల ముందే 17 రూపాయల తంతు చేసి ఉన్నాడు కాబట్టి, ఈ కొత్త ఖాతాకూ అలాగే 23 రూపాయలు పంపి ఫోన్ చేశాడు. మా దగ్గర ఏమీ పడలేదు. “మళ్లీ మార్చారా మీరు?” అని ఆయన అడిగేదాకా మాకు ఆ మెయిల్ సంగతే తెలియదు. పోయింది 23 రూపాయలు.

తర్వాత తెలిసింది, చీడ మా ఇంట్లోనే ఉందని. మా జీమెయిల్ సెట్టింగుల్లో `Filters and Blocked Addresses` కింద ఎవరో ఒక ఫిల్టర్ పెట్టి ఉన్నారు: బిల్లు, పేమెంట్ అన్న మాటలున్న మెయిల్ వస్తే బయటి చిరునామాకు ఒక కాపీ పోతుంది. మా వాళ్లు అంతకు నెల ముందే పాస్‌వర్డ్ మార్చారు, ధైర్యంగా ఉన్నారు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఫిల్టర్ పోదు, ఫార్వర్డింగ్ పోదు. వాటిని విడిగా తీయాలి. మార్పు నోటీసు పంపబోయే ముందు రోజు ఆ పేజీ, `Forwarding and POP/IMAP` పేజీ రెండూ తెరిచి చూసుకోవడం పది నిమిషాల పని. నేను ఆ పని ముందు చేయలేదు, నా తప్పే. మెయిల్‌లో నంబరు పెట్టకపోవడం వల్ల వాడికి మార్పు సంగతి తెలిసింది గానీ అసలు ఖాతా ఏదో తెలియలేదు.

ఆ రోజే మిగతా ఏడుగురు పెద్ద పార్టీలకూ యజమాని స్వయంగా ఫోన్ చేశాడు. సోంపేట సేటు ఒకాయన చిన్న పార్టీయే అయినా ఆయనకూ చేశాం. ఆయన జవాబు: “ఏటి బాబూ, మీ బ్యాంకు వారంలో రెండుసార్లు మారిపోతాదేటి? అని నేనే పక్కన పెట్టీసినాను.” ఆయన ఏ పరీక్షా చేయలేదు, ఉత్తరం చివరి వాక్యం గుర్తుపెట్టుకున్నాడంతే.

పాత ఖాతా ఉంచాలా, మూయాలా

ఉంచగలిగితే ఉంచండి, కనీసం మూడు నెలలు. పాతది నడుస్తున్నంత కాలం కొనేవాడికి తొందర లేదు, తొందర లేనివాడు ఫోన్ చేస్తాడు. కానీ లోను మార్చుకున్న సందర్భంలో ఇది మన ఒక్కరి చేతిలో ఉండదు. పాత బ్యాంకు సీసీ మూయాలంటుంది, కొత్త బ్యాంకు మూసినట్టు కాగితం అడుగుతుంది. మేం మంజూరు పత్రం మీద సంతకం పెట్టేముందే ఈ మాట ఎత్తాం: లిమిట్ సున్నా చేసి, పాత ఖాతాను వసూళ్లకు మాత్రం మూడు నెలలు ఉంచి, పడిన సొమ్ము రోజూ కొత్త ఖాతాకు తోయడం. కొత్త బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంది. సంతకాలు అయిపోయాక అడిగితే ఒప్పుకునేవారా అన్నది నాకు అనుమానమే.

ఒప్పుకోకపోతే మూసేయడమే. అప్పుడు పాత నంబరుకు పంపినవాళ్ల డబ్బు వెనక్కి వెళ్తుంది, వాళ్లు కంగారుగా ఫోన్ చేస్తారు. ఆ కంగారు ఫోన్ ఎత్తేవాడు ఎవరో ముందే తేల్చుకోండి. అప్పుడే ఖాతా నంబరు నోటితో చెప్పేయాలనిపిస్తుంది, “కాగితం తీయండి, అందులో ఉంది చదవండి, నేను సరిచూస్తాను” అనాలి.

పాత నంబరు వదలని చోటు ఇంకొకటి ఉంది. మన వైపు చాలామంది ఆర్టీజీఎస్‌కు శాఖకే వెళ్తారు, చెక్కుతో పాటు ఫారం ఇస్తారు. ఆ ఫారం ఒకసారి నింపి, పది జిరాక్సులు తీసి, మొత్తం, తేదీ మాత్రం మారుస్తూ ఉంటారు. ఉత్తరం చదివి, ఫోన్ చేసి, పరీక్ష కూడా చేసి, చివరికి పాత జిరాక్సు మీదే డబ్బు పంపినవాళ్లు మాకు ముగ్గురు. కాగితం ఇచ్చేటప్పుడే “పాత ఫారాలు చింపేయండి” అని కుర్రాడిచేత చెప్పించండి, వీలైతే ఎదురుగా చింపించండి. నెట్ బ్యాంకింగ్ వాడేవాళ్లు పాత బెనిఫిషియరీని తీసేయాలి.

డబ్బు వెళ్లిపోతే

ఫిర్యాదు చేయాల్సింది డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్లిందో వాళ్లు. మనం కాదు, కొనేవాడు. ఇక్కడ చాలా సమయం పోతుంది, ఎందుకంటే ఆయన ముందు మనతో పోట్లాడతాడు: మీ మెయిలే కదా అని ఆయన, మా మెయిల్ కాదని మనం. ఆ పోట్లాట రేపు. ముందు ఆయన చేత 1930కి ఫోన్ చేయించాలి, `cybercrime.gov.in` లో ఫిర్యాదు పెట్టించాలి, తన బ్యాంకుకు చెప్పించాలి. చేతిలో ఉండాల్సింది యూటీఆర్ నంబరు, వెళ్లిన సమయం, మొత్తం, అవతలి ఖాతా నంబరు. డబ్బు అవతలి ఖాతాలో ఇంకా ఉంటే ఆపుతారు, అక్కడినుంచి నాలుగు ఖాతాలకు చీలిపోతే తిరిగి రాబట్టడం చాలా కష్టం. అందుకే గంటల లెక్క. దొంగ మెయిల్‌ను తుడిచేయవద్దని, ఫార్వర్డ్ చేయకుండా అలాగే ఉంచమని కూడా చెప్పండి. ఫార్వర్డ్ చేస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే లోపలి వివరాలు పోతాయి.

మా పట్టీ ఇప్పటికీ నా టేబులు సొరుగులో ఉంది. ప్రతి పేరు పక్కన కాగితం అందిన తేదీ, ఫోన్ వచ్చిన తేదీ, పరీక్ష మొత్తం, మొదటి నిజం పేమెంట్ కొత్త ఖాతాలో పడిన తేదీ. నాలుగో గడి నిండిన పేరును ఎర్ర పెన్నుతో కొట్టేస్తాం. మూడు నెలలు పూర్తయ్యేనాటికి 25లో 24 కొట్టేశాం. మిగిలింది సాలూరు పార్టీ ఒక్కరు. పాత ఖాతా మూసే ముందు రోజు ఫోన్ చేస్తే, ఆయన దగ్గర ఇంకా నాలుగు జిరాక్సు ఫారాలు ఉన్నాయట, అవి అయిపోయాక మారుద్దామని ఆగాడట.